వరద విరాళాలొచ్చాయి, లెక్కలో మిగులుంది... మరి బ్యాంకులో డబ్బేది? | చిన్న ట్రస్టుకి బడ్జెట్ వర్సెస్ యాక్చువల్ రిపోర్ట్

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు. "మా ఊళ్లో కుర్రాళ్లం కలిసి ట్రస్టు పెట్టాం, ఏడాది చివర దాతలకి లెక్క చూపించాలి, బడ్జెట్ వర్సెస్ యాక్చువల్ ఎలా చెయ్యాలి?" అని. యూట్యూబ్‌లో వెతికితే కంపెనీలవే వస్తున్నాయి, ట్రస్టుకి సరిపోవట్లేదు అన్నారు. నిజమే, సరిపోవు. ఎందుకు సరిపోవో ఇవాళ ఒకే ఒక్క కేసు తీసుకుని చూద్దాం.

రాజమండ్రి దగ్గర ఒక చిన్న ట్రస్టు. పేరు అడగకండి. నేను లెక్కలు చూసిన రెండు మూడు ట్రస్టుల్ని కలిపేసి, అంకెల్ని రౌండ్ చేసి చెబుతున్నాను. ఆఫీసంటే ఒక గది, ఒక బీరువా. కోశాధికారి రిటైరైన లెక్కల మాస్టారు. సంవత్సరం 2022-23. అంటే 2022 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 దాకా. ఆ ఏడాదే ఎందుకంటే, గోదారి జిల్లాల వాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఆ జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అక్కడ నీటిమట్టం 17.75 అడుగులకి చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అది దాటి ఇంకా పైకి వెళ్లింది. కోనసీమ లంకల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చేశాయి. మన ట్రస్టు కుర్రాళ్లు కూడా పడవలేసుకుని వెళ్లారు.

ఏప్రిల్‌లో వీళ్లు రాసుకున్న బడ్జెట్ ఇది. సాధారణ విరాళాలు 3 లక్షలు వస్తాయి. పిల్లల చదువు కోసమని 2 లక్షలు వస్తాయి. ఒక లంక ఊళ్లో ఆర్‌ఓ మంచినీళ్ల ప్లాంటు పెట్టడానికి ఒక దాత లక్షా 50 వేలు ఇస్తానన్నారు. మొత్తం 6 లక్షల 50 వేలు. ఖర్చు కూడా అంతే. చదువుకి 2.5 లక్షలు, ప్లాంటుకి లక్షన్నర, వైద్య శిబిరాలకి లక్షన్నర, ఆఫీసు ఖర్చులకి లక్ష. చదువు దగ్గర తేడా గమనించారా? విరాళం 2 లక్షలు, ఖర్చు 2.5 లక్షలు. ఆ 50 వేలు సాధారణ విరాళాల్లోంచి వేద్దామనుకున్నారు. తప్పేం లేదు, ముందే రాసుకున్నారు కాబట్టి.

మార్చి అయిపోయాక మాస్టారు ఒక పేజీ రిపోర్ట్ తయారు చేశారు. వస్తుందనుకున్నది 6 లక్షల 50 వేలు, వచ్చింది 9 లక్షలు. ఖర్చు 7 లక్షల 90 వేలు. మిగులు లక్షా 10 వేలు. ఏప్రిల్ 1న బ్యాంకులో సున్నా ఉందనుకుందాం, లెక్క తేలిగ్గా ఉంటుంది. మార్చి 31న బ్యాంకులో కూడా కరెక్ట్‌గా లక్షా 10 వేలే ఉంది. రూపాయి తేడా లేదు. మీటింగ్‌లో చప్పట్లు కొట్టేశారు.

ఇన్‌కమ్ ట్యాక్స్ వైపు నుంచి చూసినా బాగానే ఉంది. రిజిస్ట్రేషన్ ఉన్న ట్రస్టు ఆ ఏడాది ఆదాయంలో కనీసం 85 శాతం తన ఆశయాలకి ఖర్చు పెట్టాలి. 9 లక్షల్లో 85 శాతం అంటే 7 లక్షల 65 వేలు. వీళ్లు 7 లక్షల 90 వేలు పెట్టారు. పాస్.

ఏప్రిల్ రెండో వారంలో ఆర్‌ఓ ప్లాంటు కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. "షెడ్డు రెడీ అండి, మిషను దింపుతున్నాను, మిగతా లక్షా 10 వేలు వేసెయ్యండి" అని. బ్యాంకులో లక్షా 10 వేలు ఉంది కదా, వేసేశారు. ఖాతా ఖాళీ. అప్పుడు ఒక కుర్రాడు అడిగాడట, "మాస్టారూ, వరద డబ్బులు ఇంకా మిగిలాయి కదండీ, అవెక్కడున్నాయి?" అని. ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఎవరైనా తినేశారా? లేదు. ప్రతి రూపాయికీ బిల్లుంది. నేను వోచర్లన్నీ తిప్పి చూశాను. దొంగతనం లేకుండానే డబ్బు మాయమైంది. కంపెనీ రిపోర్టులో ఇలాంటిది కనబడదు, ఎందుకంటే కంపెనీ డబ్బు మొత్తం కంపెనీదే. ట్రస్టు డబ్బు అలా కాదు. ప్లాంటు కోసం ఇచ్చింది ప్లాంటుకే, వరద కోసం ఇచ్చింది వరదకే. బ్యాంకు ఖాతా ఒక్కటైనా అందులో నాలుగు డబ్బాలున్నాయి. మాస్టారి రిపోర్టులో డబ్బాలన్నీ కలిపేసి ఒకే అంకె వేశారు.

సరే, అవే అంకెల్ని డబ్బాల వారీగా విడదీద్దాం. స్క్రీన్ మీద పెడుతున్నాను, ఒకసారి పాజ్ చేసి చూడండి.

| నిధి | వచ్చింది | ఖర్చు | ఉండాల్సింది |
|---|---|---|---|
| చదువు | 1,60,000 | 2,45,000 | -85,000 |
| ఆర్‌ఓ ప్లాంటు | 1,50,000 | 40,000 | 1,10,000 |
| వరద సాయం | 3,80,000 | 2,60,000 | 1,20,000 |
| సాధారణం (శిబిరాలు, ఆఫీసు) | 2,10,000 | 2,45,000 | -35,000 |
| మొత్తం | 9,00,000 | 7,90,000 | 1,10,000 |

చివరి లైను మాస్టారి లైనే. ఏం మారలేదు. కానీ పైన చూడండి. ప్లాంటు డబ్బాలో లక్షా 10 వేలు, వరద డబ్బాలో లక్షా 20 వేలు, మొత్తం 2 లక్షల 30 వేలు బ్యాంకులో ఉండి తీరాలి. ఉన్నది లక్షా 10 వేలు. చదువుకి తగ్గిన 85 వేలు ఎవరు పెట్టారు? సాధారణ నిధి పెట్టాలి. కానీ దాని దగ్గరే 35 వేలు తక్కువ. రెండూ కలిపితే లక్షా 20 వేలు లోటు. వరద నిధిలో మిగలాల్సింది సరిగ్గా అంతే. అంటే లంకల్లో జనం కోసం ఇచ్చిన డబ్బు నోటు పుస్తకాలకీ, ఆఫీసు అద్దెకీ వెళ్లిపోయింది. ఎవరూ నిర్ణయం తీసుకోలేదు, దానంతటదే జరిగిపోయింది.

నేనిది చూపిస్తే మాస్టారికి కోపమొచ్చింది. "అమ్మాయ్, అన్నీ మంచి పనులే కదా. డొక్కా సీతమ్మ గారు లెక్కలు చూసుకుని అన్నం పెట్టారా?" అన్నారు. నేనన్నాను, "మాస్టారూ, లంకల గన్నవరంలో ఆవిడ పెట్టింది సొంత ఇంటి ధాన్యమండి. మనం పెట్టేది ఎవరో ఫోన్‌పే చేసిన డబ్బు." ఆయన ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత ఆయనే, "అయితే ఇది ఎప్పుడు మొదలైందో చూడు" అన్నారు. లెక్కల మాస్టారు కదా, సరైన ప్రశ్న అడిగారు.

మేమందరం ఏమనుకున్నామంటే, వరదల హడావుడిలో లెక్క తప్పి ఉంటుందని. నెలల వారీగా వేసి చూస్తే అది కాదు. జూన్ 30 నాటికి, అంటే వరదకి ముందే, సాధారణ విరాళాలు 45 వేలు వచ్చాయి. అందులోంచి ఆఫీసుకి 27 వేలు, శిబిరాలకి 30 వేలు పోయాయి. బడులు తెరిచే టైము కాబట్టి చదువు ఖర్చు మొత్తం 2 లక్షల 45 వేలు జూన్‌లోనే అయిపోయింది, చదువుకొచ్చిన లక్షా 60 వేలు పోగా 85 వేలు సాధారణ నిధి మీద పడింది. 45 వేలు వచ్చిన చోట లక్షా 42 వేలు ఖర్చు. 97 వేలు లోటు. ఆ 97 వేలు ఎక్కణ్ణుంచి వచ్చాయంటే ప్లాంటు దాత ఏప్రిల్‌లోనే వేసిన లక్షన్నరలోంచి. ఆ రోజు బ్యాంకులో ఉన్నది 53 వేలే.

కన్నం జూన్‌లో పడింది. జూలైలో వరద విరాళాలు వచ్చి దాన్ని కప్పేశాయి. సెప్టెంబర్ 30న కమిటీ కూర్చునే సరికి బ్యాంకులో లక్షా 15 వేలు కనబడింది, పర్లేదనుకున్నారు. నిజానికి ఆ రోజు సాధారణ నిధి లోటు కూడా లక్షా 15 వేలే. ఆ తర్వాత ఆరు నెలల్లో పెరిగింది 5 వేలే. కాబట్టి మార్చిలో కనబడిన జబ్బు సెప్టెంబర్ నాటికే పూర్తిగా ముదిరిపోయి ఉంది. చూసేవాళ్లు లేరు, ఎందుకంటే రిపోర్ట్ ఏడాదికి ఒక్కసారే.

ఇక్కడ ఒక చిన్న మెలిక. నెలవారీ బడ్జెట్ అనగానే అందరూ ఏడాది అంకెని 12తో భాగించేస్తారు. 3 లక్షలు బై 12, నెలకి 25 వేలు. ట్రస్టుకి అది పనికిరాదండి. వీళ్లకి సాధారణ విరాళాలు ఎక్కువగా వచ్చేది కార్తీకమాసంలో, మళ్లీ మార్చిలో పన్ను మినహాయింపు కోసం. చదువు ఖర్చేమో జూన్‌లో ఒకేసారి. అందుకని పోయిన రెండేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని, ఏ నెలలో ఎంత వచ్చిందో ఎంత పోయిందో చూసి ఆ ప్రకారం బడ్జెట్‌ని పంచాలి. ఆ పని ఏప్రిల్‌లో చేసి ఉంటే, జూన్‌లో డబ్బు చాలదని అప్పుడే తెలిసేది.

మరి ఏడాది మొత్తం మీద సాధారణ విరాళాలు 3 లక్షలకి బదులు 2 లక్షల 10 వేలే ఎందుకొచ్చాయి? దాతల లిస్టు రెండు ఫిల్టర్లు పెట్టి చూశాం. పాత దాతల్లో దాదాపు సగం మంది ఆ ఏడాది వరదకి ఇచ్చారు, మామూలుగా ఇచ్చే విరాళం ఇవ్వలేదు. వాళ్ల దృష్టిలో ఈ ఏడాది ఇచ్చేశారు, అంతే. వచ్చిన 3 లక్షల 80 వేలల్లో కొంత కొత్త డబ్బు కాదు, జేబు మారిన పాత డబ్బు. వరద రాగానే "బడ్జెట్ దాటి విరాళాలు వచ్చాయి" అని సంబరపడితే ఇది కనబడదు. పెద్ద అప్పీలు పెట్టిన ఏడాది సాధారణ విరాళాల అంచనాని అదే నెలలో తగ్గించి రాసుకోవాలి.

ఇప్పుడు చదువు లైను చూద్దాం, నాకు అన్నిటికన్నా బాధేసింది అక్కడే. బడ్జెట్ 2 లక్షల 50 వేలు, అయ్యింది 2 లక్షల 45 వేలు. తేడా 5 వేలు, 2 శాతం. ఏ ఆడిటరూ ఆ లైను దగ్గర ఆగడు. నేనూ ఆగలేదు మొదట. తర్వాత పిల్లల సంతకాల రిజిస్టర్ తెచ్చి లెక్కపెడితే 70 మందే ఉన్నారు. బడ్జెట్ వేసింది 100 మందికి, ఒక్కొక్కరికి 2,500 చొప్పున. ఆ ఏడాది కాగితం రేట్లు పెరిగి నోటు పుస్తకాలు ప్రియమయ్యాయి, బ్యాగుల రేటు కూడా పెరిగింది, ఒక్కో పిల్లాడికి 3,500 అయ్యింది. 70 మందికి వెయ్యి చొప్పున 70 వేలు ఎక్కువైంది. 30 మందికి ఇవ్వకపోవడం వల్ల 2,500 చొప్పున 75 వేలు తగ్గింది. తీసివేస్తే ఆ 5 వేలు. రెండు పెద్ద తేడాలు ఎదురెదురుగా నిలబడి ఒకదాన్నొకటి దాచేసుకున్నాయి. రిపోర్టులో రూపాయల పక్కన ఇంకో కాలమ్, ఎంతమందికి అని ఉంటే చాలు, ఆ 30 మంది కనబడేవారు.

ప్లాంటు లైను దీనికి రివర్స్. లక్షన్నరలో 40 వేలే ఖర్చు. మాస్టారి రిపోర్టులో దాని పక్కన "ఆదా 1,10,000" అని ఉంది. అది ఆదా కాదండి, పని అవ్వలేదు. షెడ్డు వేసే చోట నీళ్లు నిలబడి నెలల తరబడి ఆగిపోయింది. ఖర్చు తగ్గిందంటే మూడు కారణాలుండొచ్చు. చౌకగా అయ్యింది, ఇంకా అవ్వలేదు, లేదా అసలు చెయ్యట్లేదు. మూడింటికీ అంకె ఒకటే వస్తుంది, కాబట్టి పక్కన ఒక వాక్యం రాయాల్సిందే. "షెడ్డు పని ఆగింది, ఏప్రిల్‌లో మిషను వస్తుంది, బాకీ 1,10,000" అని రాసి ఉంటే ఆ మిగులుకి ఎవరూ చప్పట్లు కొట్టేవారు కాదు.

సరే, ఇప్పుడు ఫోన్ తియ్యండి. గూగుల్ షీట్ చాలు, సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. Data అని ఒక షీట్ పెట్టండి. అయిదు కాలమ్‌లు. తేదీ, IN లేదా OUT, నిధి పేరు, దేనికి, ఎంత. ప్రతి ఎంట్రీకీ నిధి పేరు తప్పకుండా పడాలి. ఖాళీగా వదలకండి, పేరు తప్పుగా పడకుండా డ్రాప్‌డౌన్ పెట్టుకోండి. రెండో షీట్‌లో A కాలమ్‌లో నిధుల పేర్లు రాసి, పక్కన వచ్చింది, ఖర్చు, ఉండాల్సింది అని ఈ మూడు ఫార్ములాలు వెయ్యండి.

```
=SUMIFS(Data!E:E, Data!B:B, "IN",  Data!C:C, A2)
=SUMIFS(Data!E:E, Data!B:B, "OUT", Data!C:C, A2)
=B2-C2
```

కిందకి లాగి, చివర మొత్తం వేస్తే పైన చూపించిన పట్టిక అదే వస్తుంది. మన కేసులో మొదట్లో ఏమీ లేదు కాబట్టి సరిపోయింది. మీ దగ్గర పోయినేడాది నిల్వ ఉంటే, దాన్ని కూడా నిధుల వారీగా విడదీసి ఏప్రిల్ 1 తేదీతో ఎంట్రీ వేసుకోండి. ప్రతి నెలా మొదటి వారంలో రెండే రెండు చూడండి. ఒకటి, చివరి కాలమ్ మొత్తం, బ్యాంకులోనూ చేతిలోనూ ఉన్న డబ్బుతో సరిపోయిందా? సరిపోకపోతే ఏదో ఎంట్రీ తప్పింది. రెండు, ఏ నిధి పక్కనైనా మైనస్ ఉందా? మైనస్ ఉంటే అది ఇంకో నిధి డబ్బు తింటోంది. మాస్టారి లెక్క మొదటి పరీక్ష పాసైంది. రెండో పరీక్ష అసలు పెట్టలేదు.

ఇంత సింపుల్ అయితే ఎందుకు చెయ్యరంటారా? ఇబ్బందంతా నిధి పేరు దగ్గరే. డబ్బు వచ్చినప్పుడు అది ఏ డబ్బాలోదో తెలియాలి కదా. యూపీఐలో 500 పడుతుంది, పక్కన ఏమీ రాసి ఉండదు. దీనికి నేను పాటించే పద్ధతి ఏంటంటే, మీరు వాట్సాప్ స్టేటస్‌లో "లంక వరద బాధితుల కోసం" అని క్యూఆర్ కోడ్ పెడితే, ఆ అప్పీలు నడిచినన్ని రోజులూ ఆ క్యూఆర్‌కి వచ్చిన ప్రతి రూపాయీ వరదదే, దాత ప్రత్యేకంగా వేరే చెబితే తప్ప. అప్పీలు ఆపేసిన తేదీ కూడా రాసుకోండి. ఇంకోటి, క్యూఆర్ ట్రస్టు ఖాతాదే అవ్వాలి. కుర్రాళ్ల పర్సనల్ నంబర్లకి వేయించుకుని తర్వాత కలిపి పంపితే దాత పేరూ పోతుంది, పర్పసూ పోతుంది.

వరద టైములో అమెరికా నుంచి కూడా మనవాళ్లు పంపుతామంటారు. వాళ్లకి ఇంకా ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంటే, సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే ఫర్వాలేదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం అది విదేశీ విరాళం కిందకొస్తుంది, ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేని ట్రస్టు తీసుకోకూడదు. బాబాయే కదా, పెద్దమ్మ కొడుకే కదా అని వేయించుకోకండి.

ఖర్చు వైపు కూడా వరదలో ఒక చిక్కుంది. పడవ డీజిల్, పాల ప్యాకెట్లు, టార్పాలిన్లు, అన్నీ నగదే. ఒకే మనిషికి ఒకే రోజు 10 వేలకి మించి నగదు ఇస్తే, ట్యాక్స్ లెక్కలో ఆ ఖర్చుని ఖర్చుగా ఒప్పుకోరు. అందుకని టార్పాలిన్ల షాపుకైనా యూపీఐ చెయ్యండి. పడవాయనకి బిల్లు బుక్ ఉండదు, ఒక తెల్ల కాగితం మీద తేదీ, ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఎంత అని రాసి సంతకం తీసుకుంటే సరిపోతుంది. రైసు మిల్లుల వాళ్లిచ్చిన బియ్యం బస్తాలు ఈ పట్టికలోకి తేకండి. వాటికి స్టాక్ రిజిస్టర్ వేరే పెట్టండి, బస్తాలు ఎన్నొచ్చాయి, ఎన్ని పంచారు అని. దాన్ని రూపాయల్లోకి మార్చి ఇందులో కలిపితే బ్యాంకుతో ఎప్పటికీ సరిపోదు.

మన ట్రస్టు చివరికి ఏం చేసిందో చెప్పి ఆపుతాను. దాచేద్దామని ఒకరిద్దరు అన్నారు. "ఎవరడుగుతారండీ, బిల్లులున్నాయి కదా" అని. మాస్టారు ఒప్పుకోలేదు. రిపోర్ట్ మళ్లీ రాశారు, డబ్బాల వారీగా. కింద రెండు లైన్లు పెట్టారు. "వరద నిధి నుంచి 1,20,000 రూపాయలు చదువుకి, ఇతర ఖర్చులకి వాడబడింది. ఇది సాధారణ నిధి వరద నిధికి తీర్చాల్సిన బాకీ." దాన్ని వరద దాతలందరికీ వాట్సాప్‌లో పంపి, రెండు ఆప్షన్లు ఇచ్చారు. మీ వాటాని చదువుకి వాడినట్టు ఒప్పుకుంటారా, లేక వరద నిధిలోకి తిరిగి జమ చెయ్యమంటారా అని.

ఒప్పుకున్నవాళ్ల వాటా లెక్కేస్తే 75 వేలు అయ్యింది. ఒకాయన మాత్రం ఫోన్ చేసి గట్టిగా అరిచాడట, అది ఆయన హక్కు. మిగతా 45 వేలకి శిబిరాలు రెండు తగ్గించుకుని, నెలకి 9 వేల చొప్పున వెనక్కి జమ చెయ్యాలని తీర్మానం రాసుకున్నారు. మేలో మొదలుపెడితే సెప్టెంబర్‌కి తీరుతుంది. జూలైలో మళ్లీ నీళ్లొస్తే ఏంటని అడిగాను. అప్పటికి 27 వేలే జమవుతాయి. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "అందుకే అమ్మాయ్, మొదటి రెండు నెలలు నా పెన్షన్‌లోంచి అప్పుగా కొంత వేస్తాను. దానికి కూడా ఒక కాలమ్ పెట్టు" అన్నారు. పెట్టాను. విరాళం కాదు, అప్పు అని విడిగా.

మీ ట్రస్టు షీట్‌లో ఎక్కడైనా మైనస్ కనబడితే, ఏ నెలలో మొదలైందో కింద కామెంట్‌లో రాయండి, పేర్లు వద్దు. వచ్చే ఎపిసోడ్‌లో దాత రసీదు గురించి మాట్లాడుకుందాం. ఉంటానండీ.